రుకావట్ చాలు, దుష్మన్ అక్కర్లేదు

మన ఇళ్లలో ఈ మధ్య తరచూ వినిపిస్తున్న ప్రశ్న ఒకటుంది. "పిల్లలకు లడాయి లేని గేమ్ ఏదన్నా ఉందా భాయ్?" అడిగేది ఎక్కువగా అమ్మీలు, ఖాలాలు. తెర మీద తుపాకీ వద్దు, కత్తి వద్దు, గుద్దులాట వద్దు, రక్తం సంగతి సరే, బొమ్మ బొమ్మను కొట్టడం కూడా మా ఇంట్లో వద్దు అనేవాళ్లు. వాళ్లకు మూడు రకాల జవాబులు దొరుకుతున్నాయి. మూడూ గలతే.

మొదటి జవాబు పెద్దలది: "అన్ని గేములూ ఒకటే. ఫోన్ లాక్కోండి, ఖతమ్." రెండోది కుర్రాళ్లది: "లడాయి లేకపోతే అది గేమ్ ఎలా అవుతుంది చాచా? అలాంటివి పసిపిల్లలకే." మూడోది దుకాణందారుది. గేమ్ పక్కన 3+ అని ఒక అంకె వేసి, ఇక బేఫికర్‌గా ఉండండి అంటాడు. నేను ఇది రాస్తున్నది ఈ ముగ్గురితో తగువు పెట్టుకోవడానికే. తెర మీద కొట్లాట వద్దనే కుటుంబంతో నాకు ఏ తగువూ లేదు. అది వాళ్ల ఇల్లు, వాళ్ల ఉసూల్. కూరలో కారం ఎంత వేసుకోవాలో పక్కింటివాడు చెప్పనట్టే, పిల్లల కళ్ల ముందు ఏది ఉండాలో కూడా పక్కింటివాడు చెప్పక్కర్లేదు. హింస ఉన్న గేమ్ ఆడితే పిల్లాడు హింసకు దిగుతాడని ఎవరో సాబిత్ చేసేదాకా ఆగాల్సిన పని కూడా లేదు. మాకు నచ్చదు అన్న మాట చాలు.

కానీ ఆ ఉసూల్ పెట్టుకున్నాక సగం దారిలో ఆగిపోవద్దు. నా ఫిర్యాదు అదొక్కటే. వద్దు అన్నది సరే, మరి ఏది కావాలి? ఆ పేరు చెప్పకపోతే పిల్లాడే వెతుక్కుంటాడు. 2020 సెప్టెంబర్‌లో పబ్‌జీ మొబైల్‌ను సర్కారు బంద్ చేసింది. పిల్లలు ఆ మరుసటి రోజు నుంచి గిల్లీ డండా ఆడలేదు, ఫ్రీ ఫైర్‌లోకి వెళ్లారు. 2022 ఫిబ్రవరిలో అదీ బంద్ అయ్యింది. ఈలోగా పబ్‌జీయే ఇంకో పేరుతో తిరిగొచ్చింది. ఖాళీ అయిన చోటును ఇంకోదానితో నింపకపోతే పాతదే మళ్లీ వచ్చి కూర్చుంటుంది. సర్కారుకు వర్తించింది మన దివాన్‌ఖానాకూ వర్తిస్తుంది.

ముందు ఆ 3+ సంగతి తేల్చుకుందాం. గూగుల్ ప్లేలో మనకు కనబడే 3+, 7+, 12+ అంకెలు ఐఏఆర్‌సీ అనే అంతర్జాతీయ పద్ధతిలో వస్తాయి. గేమ్ తయారుచేసినవాళ్లే ఒక ప్రశ్నపత్రం నింపుతారు, ఆ జవాబులను బట్టి అంకె పడుతుంది. యూరప్‌లో డబ్బాల మీద వేసే పెగీ 3 గుర్తు నియమం ఏమంటుందో చూడండి: నవ్వు పుట్టించే తీరులో, పిల్లల కథల తీరులో ఉండే చాలా తేలికపాటి హింస ఉన్నా ఫరవాలేదు. అమెరికావాళ్లు 'అందరికీ' అని ఇచ్చే ఈ గుర్తు కూడా కొద్దిపాటి కార్టూన్ హింసను ఒప్పుకుంటుంది. వాళ్లు అబద్ధం చెప్పడం లేదు. వాళ్లు జవాబిచ్చే ప్రశ్న వేరు. "ఇది చూస్తే పసివాడు జడుసుకుంటాడా?" అన్నది వాళ్ల ప్రశ్న. "ఇందులో ఎవరన్నా ఎవరినన్నా కొడతారా?" అన్నది మన ప్రశ్న. పుట్టగొడుగు బొమ్మ నెత్తి మీద దూకి దాన్ని అప్పడంలా నలిపేసే ఆట మొదటి ప్రశ్నలో పాసవుతుంది, రెండోదాంట్లో ఫెయిలవుతుంది. అందుకే ఆ అంకెను చూసి ఫైసలా చేయకూడదు.

అంకె తర్వాత మనం నమ్మేది బొమ్మల రంగులను, జనం మాటను. అక్కడే పెద్ద ధోకా ఉంది. శాంతమైన గేమ్ చెప్పమంటే పదిమందిలో సగం మంది స్టార్డ్యూ వ్యాలీ పేరు చెప్తారు. 2016లో వచ్చింది. ఎరిక్ బారోన్ అనే అమెరికన్ ఒక్కడే కూర్చుని బొమ్మలు, సంగీతం, కథ అన్నీ తయారుచేశాడు. తాత వదిలిపోయిన పొలానికి మనవడు వస్తాడు, రాళ్లు ఏరతాడు, ముల్లంగి, బంగాళాదుంప వేస్తాడు, నీళ్లు పోస్తాడు, కోళ్లను పెంచుతాడు. మొదటి నాలుగు రోజులు చూస్తే ఏ అమ్మీకైనా దిల్ ఖుష్ అయిపోతుంది. ఐదో రోజు ఊరి పైన గని తెరుచుకుంటుంది. గనిలో అడుగు పెట్టగానే ఒక ముసలి పహిల్వాన్ చేతికి తుప్పు పట్టిన కత్తి ఇస్తాడు. లోపల జిగట ముద్దలు ఎగిరి మీద పడతాయి, గబ్బిలాలు వస్తాయి, కత్తితో కొట్టాలి. కొట్టకుండా పొలం ఒక్కటే చేసుకోవచ్చు కదా అంటారేమో. కొంతదూరం చేసుకోవచ్చు. కానీ పనిముట్లు మెరుగుపడాలంటే రాగి, ఇనుము, బంగారం కావాలి, అవి ఎక్కువగా దొరికే దారి గనిలోంచే. ఊళ్లో పాడుబడ్డ కమ్యూనిటీ సెంటర్‌ను బాగుచేయడానికి అడిగే సామాన్లలో ఒక మూట మొత్తం ఆ రాక్షసులను చంపితే రాలే వస్తువులదే.

ఇంకా ఉంది. ఆ ఊరివాళ్లు సాయంత్రం కూర్చునేది సెలూన్ అనే శరాబ్‌ఖానాలో. పొలంలో పండిన ద్రాక్షను పీపాలో వేసి వైన్ చేయడం ఆటలో మంచి లాభం వచ్చే వ్యాపారం. ఎడారిలో ఒక జూదఖానా కూడా ఉంది. ఆ గేమ్ బాగా చేసిన గేమే, అందులో షక్ లేదు. ఆడేవాళ్లు ఆడుకోనివ్వండి. కానీ కొట్లాట అసలు వద్దనే ఇంటికి, అందులోనూ మన ఇళ్లకు, దాన్ని 'ప్రశాంతమైన వ్యవసాయం గేమ్' అని చేతిలో పెట్టడం బేఇమానీ. చెప్పేవాడు ఆడి ఉంటే దాచినట్టు, ఆడకపోయి ఉంటే తెలియకుండా గవాహీ ఇచ్చినట్టు.

రెండో ధోకా మైన్‌క్రాఫ్ట్. దాని గురించి మాత్రం కొంచెం న్యాయంగా మాట్లాడాలి, ఎందుకంటే అందులో తాళం ఉంది. ప్రపంచం మొత్తం దిమ్మెలు. తవ్వాలి, పేర్చాలి, ఇల్లు కట్టాలి. మామూలుగా మొదలుపెడితే చీకటి పడగానే జాంబీలు, ఎముకల గూళ్లు వస్తాయి. సెట్టింగ్స్‌లో Difficulty అనే చోట Peaceful ఎంచుకుంటే అవి మాయమవుతాయి. ఆకలి తగ్గదు, పోయిన ప్రాణం తనంతట తానే నిండుతుంది. చాలామంది తల్లిదండ్రులు ఇక్కడికి వచ్చి అల్‌హమ్దులిల్లాహ్ అనుకుని వెళ్లిపోతారు. కానీ ఆ తాళం బయటి తలుపుకే. బయటివాళ్లు పిల్లాడిని కొట్టడం ఆగింది, పిల్లాడు కొట్టడం ఆగలేదు. గొర్రెను కొడితే అది ఎర్రగా మారి పక్కకు పడిపోయి మాంసం, ఉన్ని వదిలి పోతుంది. కత్తి చేసుకోవచ్చు. పక్కన తమ్ముడు అదే ప్రపంచంలో ఆడుతుంటే తమ్ముడినీ కొట్టవచ్చు. ఫోన్లలో, కన్సోళ్లలో ఆడే మైన్‌క్రాఫ్ట్‌లో దీనికి Friendly Fire అని ఇంకో మీట ఉంటుంది, దాన్ని ఆపితే ఆటగాళ్లు ఒకరినొకరు కొట్టుకోలేరు. గొర్రె విషయం మాత్రం పిల్లాడి చేతిలోనే ఉంటుంది. పైగా ఇవన్నీ మీ ఇంటి ప్రపంచానికే. ఇంటర్‌నెట్‌లో వేరేవాళ్ల సర్వర్‌లోకి వెళ్తే అక్కడి కానూన్ వాళ్లది.

ఒంటె మాంసం తినే ఇళ్లకు గొర్రె సంగతి పెద్ద విషయం కాకపోవచ్చు. అయినా మీ ఉసూల్ 'హింస అసలు వద్దు' అయితే, సెట్టింగ్ మార్చి శాంతపరచిన ఆటకూ, పుట్టుకతోనే శాంతమైన ఆటకూ ఫరక్ గుర్తుపెట్టుకోండి. మొదటిదానికి మీరు కాపలా ఉండాలి. రెండోదానికి అక్కర్లేదు.

ఇప్పుడు కుర్రాళ్ల దలీల్‌కు వద్దాం. నిజానికి ఈ మూడింట్లో కాస్త జవాబివ్వదగ్గది ఇదే. దుష్మన్ లేకపోతే మజా ఎక్కడిది అంటారు. వాళ్లు రెండు వేర్వేరు విషయాలను ఒకటి చేస్తున్నారు. ఆటకు కావలసింది రుకావట్. అనుకున్నది జరగకుండా ఏదో ఒకటి అడ్డుపడాలి, దాన్ని దాటాలి, దాటలేకపోతే మళ్లీ మొదలుపెట్టాలి. దుష్మన్ అన్నది రుకావట్‌లో ఒక రకం, అంతే. తయారుచేసేవాళ్లకు సులువైన రకం కాబట్టి ఎక్కువ వాడతారు. మన నానీలు ఆడిన వామనగుంటల్లో ఎవరినీ ఎవరూ చంపలేదు, అయినా గింజలు లెక్కపెట్టేటప్పుడు ఊపిరి బిగబట్టేవాళ్లు. రుకావట్ అక్కడ లెక్కలో ఉంది.

దీనికి నాకు తెలిసిన అన్నింటికన్నా మంచి మిసాల్ మినీ మెట్రో. న్యూజిలాండ్‌లోని డైనోసార్ పోలో క్లబ్ అనే చిన్న సంస్థ చేసింది. కంప్యూటర్ల మీద 2015లో, ఆ తర్వాత ఫోన్లలోకి వచ్చింది. తెల్లటి కాగితం లాంటి తెర. దాని మీద ఒక నది, మూడు స్టేషన్లు: ఒకటి గుండ్రం, ఒకటి త్రికోణం, ఒకటి చతురస్రం. వేలితో ఒక స్టేషన్ నుంచి ఇంకోదానికి గీత గీస్తే అది రైలు మార్గం, దాని మీద రైలు నడవడం మొదలవుతుంది. స్టేషన్ల పక్కన చిన్న చిన్న ఆకారాలు వచ్చి నిలబడతాయి, అవి ప్రయాణికులు. త్రికోణం ఆకారంలో ఉన్నవాడు ఏదో ఒక త్రికోణం స్టేషన్‌కు వెళ్లాలి. అంతే ఆట. చదవాల్సిన మాటలు దాదాపు లేవు కాబట్టి ఇంగ్లీషు రాని దాదీ కూడా ఆడవచ్చు.

మరి రుకావట్ ఏది? ఊరు పెరుగుతుంది. ఒక్కో స్టేషన్ కొత్తగా పుట్టుకొస్తుంది. రైలులో ఆరుగురే పడతారు. స్టేషన్‌లో పట్టే జనానికీ హద్దుంది. అది దాటితే స్టేషన్ చుట్టూ నల్లటి వలయం నిండడం మొదలవుతుంది. వలయం పూర్తయ్యేలోగా జనాన్ని తీసుకుపోకపోతే ఆట అయిపోయినట్టే. ఎవరూ చావరు. రద్దీ ఎక్కువైంది, మెట్రో మూసేశాం, ఇంతమందిని చేర్చారు అని తెర చెబుతుంది. వారానికొకసారి ఒక కొత్త రైలింజను ఇస్తారు, దాంతోపాటు రెండు కానుకల్లో ఒకటి కోరుకోమంటారు: అదనపు డబ్బానా, కొత్త మార్గమా, నది కింద సొరంగమా? ఒకటి తీసుకుంటే రెండోది పోతుంది.

మా ఆపా కొడుకు పదకొండేళ్లవాడు. మొదట ఆడినప్పుడు దగ్గరలో ఉన్న గుండ్రటి స్టేషన్లు నాలుగింటినీ వరసగా ఒకే గీతతో కలిపేశాడు. చూడటానికి అందంగా ఉంది. ఐదు నిమిషాల్లో ఆ నాలుగు స్టేషన్లలో త్రికోణాలు, చతురస్రాలు గుట్టలుగా పేరుకుపోయాయి. వాళ్లలో గుండ్రానికి వెళ్లేవాడు ఒక్కడూ లేడు కదా, రైలు వాళ్లను ఎక్కడికి తీసుకుపోతుంది? దించడానికి చోటు లేదు. వాడు రెండుసార్లు ఓడిపోయి, మూడోసారి తనే కనిపెట్టాడు: గీతలో ఆకారాలు మారుతూ రావాలి, గుండ్రం తర్వాత త్రికోణం, మళ్లీ గుండ్రం, తర్వాత చతురస్రం. అప్పుడు ఎక్కినవాడు రెండో మూడో స్టేషన్‌లో దిగిపోతాడు, రైలు ఖాళీ అవుతుంది. చతురస్రాలు తక్కువగా ఉంటాయి కాబట్టి వీలైనన్ని మార్గాలు దాన్ని తాకాలి. అయితే అన్ని మార్గాలూ ఒక్కచోటే కలిస్తే ఆ ఒక్క స్టేషన్‌లోనే జనం ఉప్పెనలా వచ్చి పడతారు. ఆ తర్వాత వాళ్ల అబ్బాతో హైదరాబాద్ వచ్చి అమీర్‌పేట్‌లో మెట్రో మారుతూ మెట్ల మీద రద్దీ చూసి, "మామూ, ఇక్కడ రెండు లైన్లు కలిశాయి, అందుకే" అన్నాడు. లడాయి లేకుండా మజా ఉండదు అనేవాళ్లకు నేను ఇంతకన్నా పెద్ద దలీల్ ఇవ్వలేను. వాడు ఓడిపోయినప్పుడు వాడి మీద గెలిచినవాడు ఎవడూ లేడు. కోపం తెచ్చుకోవడానికి ఎదురుగా ముఖం లేదు, వాడు గీసిన గీతే ఉంది.

అందులో కైరో, ఇస్తాంబుల్, ముంబై పటాలు కూడా ఉన్నాయి. ఓటమే వద్దనుకునే చిన్నపిల్లలకు ఎండ్‌లెస్ అనే పద్ధతి ఉంది, అందులో రద్దీ పెరిగినా ఆట ఆగదు. అయితే దీనికీ ఒక ఐబు ఉంది, అదీ చెప్పాలి. చివరి పది నిమిషాలు గుండె దడదడలాడుతుంది. హింస లేదు కదా అని నిద్రకు ముందు ఇస్తే పిల్లాడు కళ్లు మూసినా గీతలే కనబడతాయి. శాంతమైన గేమ్ అంటే మనసును చల్లబరిచే గేమ్ అనుకోవద్దు. హింస లేకపోవడం ఒకటి, టెన్షన్ లేకపోవడం ఇంకొకటి.

ఆ రెండూ లేని ఆట కావాలంటే ఎ షార్ట్ హైక్ చూడండి. కెనడాకు చెందిన ఆడమ్ రాబిన్సన్-యూ 2019లో విడుదల చేశాడు. స్టోర్‌లో A Short Hike అని టైప్ చేస్తే దొరుకుతుంది, కంప్యూటర్ మీద, గేమ్ కన్సోళ్ల మీద ఆడవచ్చు. కథ ఇంతే: క్లెయిర్ అనే పక్షిపిల్ల సెలవుల్లో పిన్ని పనిచేసే కొండప్రాంతపు పార్కుకు వస్తుంది. ఒక ముఖ్యమైన ఫోన్ కాల్ కోసం ఎదురుచూస్తోంది, కానీ అక్కడ సిగ్నల్ లేదు. సిగ్నల్ దొరికేది కొండ శిఖరం మీదనే. కాబట్టి ఎక్కాలి. మన పల్లెల్లో మిద్దె ఎక్కి ఫోన్ పట్టుకున్నవాళ్లకు ఈ కష్టం వేరే వివరించక్కర్లేదు.

ఎక్కడానికి బలం బంగారు ఈకల్లో ఉంటుంది. ఈకకు కొంత ఎత్తు చొప్పున ఎక్కగలదు, అయిపోతే చేయి జారుతుంది. జారితే? రెక్కలు విప్పి మెల్లగా గాలిలో తేలుతూ కిందికి దిగుతుంది. దెబ్బ తగలదు, ప్రాణం పోదు, "ఓడిపోయావు" అన్న తెర లేనే లేదు. రుకావట్ కొండ, దాని మీది చలి. పై ఎత్తుల్లో ఈకలు గడ్డకడతాయి. ఈకలు ఎక్కడ దొరుకుతాయి? దారిలో ఎదురైనవాళ్లకు సాయం చేస్తే కొన్ని, వెతికితే కొన్ని, కొనుక్కుంటే కొన్ని. ఒకరికి గవ్వలు కావాలి, ఒకరి తలకట్టు పోయింది, ఒకరు పరుగు పందేనికి పిలుస్తారు. చేపలు పట్టవచ్చు. చేపలు పట్టడం కూడా హింసే అనుకునే ఇల్లయితే ఆ ఒక్క పని వదిలేయండి, శిఖరానికి చేరడానికి అది అవసరం లేదు. తొందర లేకుండా ఆడినా రెండు మూడు గంటల్లో కథ అయిపోతుంది. ఆ ఫోన్ ఎవరిది, ఎందుకు అన్నది నేను చెప్పను. పిల్లలతోపాటు అమ్మీ కూడా పక్కన కూర్చుంటే మంచిదని మాత్రం చెప్తాను. మాటలు ఇంగ్లీషులో ఉంటాయి, చిన్న చిన్న వాక్యాలే. అన్నో ఆపానో చదివి తెలుగులోనో ఉర్దూలోనో చెప్తూ ఉంటే ఆట ఇద్దరిదీ అవుతుంది.

ఇక ఫుకట్ గేముల సంగతి. ఇక్కడ ఎక్కువ ఇళ్లు మోసపోతాయి. ఫోన్‌లో రంగు రంగుల పజిల్ దించుకుంటారు. నీళ్లను సీసాల్లో సర్దడమో, దిమ్మెలు పేర్చడమో. ఆటలో ఒక్క దెబ్బ లేదు. రెండు లెవెల్స్ అయ్యాక ముప్పై సెకన్ల అడ్వర్టైజ్‌మెంట్ వస్తుంది, అందులో ఒకడు ఇంకొకడిని తుపాకీతో కాలుస్తుంటాడు, లేదా పేకాటలో లక్షలు గెలవండి అంటుంటాడు. గేమ్ చేసినవాడు దాన్ని పెట్టలేదు, అడ్వర్టైజ్‌మెంట్ల కంపెనీ పంపింది. కానీ పిల్లాడి కళ్లకు ఆ ఫరక్ ఏముంది? అరగంట ఆటలో పదిసార్లు కాల్పులు చూస్తే, అది కాల్పులున్న గేమే. గేమ్ పేజీలో పేరు కింద Contains ads అని ఉందో లేదో చూడండి. ఉంటే, ఆటను ఎంత పరీక్షించినా ఫాయిదా లేదు, ఎందుకంటే రేపు ఏ అడ్వర్టైజ్‌మెంట్ వస్తుందో ఎవరికీ తెలీదు. ఇంటర్‌నెట్ ఆపేసి ఆడితే చాలా గేముల్లో అవి ఆగిపోతాయి. కొన్ని మాత్రం నెట్ లేకపోతే తెరుచుకోనే తెరుచుకోవు. అన్నిటికన్నా సాఫ్ దారి, ఒకసారి పైసలు పెట్టి కొనే గేమ్. పండుగకు బట్టలు కొంటాం, ఈదీ ఇస్తాం, గేమ్ మాత్రం ముఫ్త్‌గా రావాలంటాం. ముఫ్త్ గేమ్‌కు పైసలు ఎవరో ఒకరు ఇస్తూనే ఉంటారు, ఇచ్చినవాడు తనకు కావలసింది మన పిల్లలకు చూపిస్తాడు.

మరి కొత్త పేరు ఎదురైనప్పుడు ఎలా తేల్చుకోవాలి? ఎవరి మాటా నమ్మక్కర్లేదు, నా మాట కూడా. ట్రైలర్ చూడకండి, అది పెళ్లిచూపుల ఫోటో. యూట్యూబ్‌లో గేమ్ పేరు, దాని పక్కన gameplay no commentary అని టైప్ చేయండి. ఎవరో మొదటి నుంచి చివరిదాకా మాటలు లేకుండా ఆడిన వీడియో దొరుకుతుంది. మొదట్లో ఐదు నిమిషాలు, సరిగ్గా మధ్యలో ఐదు, చివర్లో ఐదు చూడండి. స్టార్డ్యూ వ్యాలీ లాంటివి దొరికిపోయేది మధ్యలోనే, ఎందుకంటే మొదటి పది నిమిషాలు పొలమే ఉంటుంది. చూసేటప్పుడు తెర మూలల మీద కన్నేయండి. ఎర్రటి గుండెల వరసో, ఎర్రటి గీతో ఉందా? ఉంటే సాధారణంగా ఆ ఆటలో ఎవరో దెబ్బ తినాల్సి ఉందని అర్థం, లేకపోతే దాన్ని అక్కడ పెట్టరు. ఆటగాడి చేతిలో ఏముందో చూడండి. నీళ్ల డబ్బానా, కత్తా? కోజీ అనే ముద్ర చూసి మురిసిపోకండి. ఆ మాటకు హాయిగా ఉంటుందని అర్థం, కొట్లాట ఉండదని కాదు. కంప్యూటర్ మీద స్టీమ్ దుకాణంలో కొంటే, కొన్న పద్నాలుగు రోజుల్లోపు, రెండు గంటల కన్నా తక్కువ ఆడి ఉంటే పైసలు వాపస్ అడగవచ్చు. అంటే పిల్లలకు ఇచ్చే ముందు ఒక గంట మీరే ఆడి చూసే వీలుంది. తల్లిదండ్రులు వాడుకోవాల్సిన హక్కు అది.

పెద్దలకు ఒక మాట చెప్పి ముగిస్తాను. "అన్ని గేములూ ఒకటే" అనడంలో ఒక సుఖం ఉంది: ఏదీ చూడక్కర్లేదు, ఏదీ తెలుసుకోనక్కర్లేదు. కానీ పిల్లలకు అది అబద్ధమని తెలుసు. మెట్రో గీతలు గీసే ఆటనూ, మనుషుల్ని కాల్చే ఆటనూ ఒకే గాటన కట్టిన దాదా మాట వాళ్లు ఆ ఒక్క విషయంలోనే కాదు, తర్వాత ఇంకో విషయంలోనూ వినరు. తెలిసి వద్దన్నవాడి మాటకు వజన్ ఉంటుంది. చాచా ఇంటికి వెళ్లినప్పుడు అక్కడి పిల్లల చేతుల్లో ఏ గేమ్ ఉంటుందో మీరు ఆపలేరు. కానీ మీ పిల్లాడు అక్కడికి ఖాళీ చేతులతో కాక, "నా దగ్గర ఒకటుంది, కైరోలో రైళ్లు నడుపుదామా?" అంటూ వెళ్లేలా మాత్రం చేయవచ్చు.